తాళపత్రములో వరుని పేరు
నాడి జ్యోతిషము: దాని చరిత్ర, పద్ధతి, పరీక్ష

కొంతకాలము క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు తన చెల్లెలిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. అతని చేతిలో నలుబది పుటల నోటుపుస్తక మొకటి యుండెను. వారి పట్టణమునకు వచ్చి బసచేసిన ఒక నాడి కేంద్రములో ఆమె వివాహమును గురించి తాళపత్రము చదివించి, దాని సారాంశమును తెలుగులో వ్రాయించి తెచ్చుకొనిరి. ఆమెకు అప్పుడు ఇరువదియైదేండ్లు. వరుని పేరు 'ర', 'స', 'వ' అక్షరములలో ఒకదానితో మొదలగుననియు, అతడు దక్షిణమునుండి గాని పడమరనుండి గాని వచ్చుననియు, ఇరువదియారు మొదలు ఇరువదియెనిమిది యేండ్లలోపల వివాహమగుననియు అందు వ్రాసియుండెను. అయితే అప్పటికే వారికి నచ్చిన సంబంధ మొకటి వచ్చియున్నది. ఆ వరుని పేరు 'మ'తో మొదలగును. అతని ఊరు తూర్పున నున్నది.

"మాస్టారూ, మా తల్లిదండ్రుల పేర్లు కూడా ఆకులో ఉన్నాయి. అవి నిజమైనప్పుడు ఇదెందుకు నిజం కాదు?" అని అతడు అడిగెను.

ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. తండ్రి పేరు సరిగా చెప్పినవానిని కాబోవు అల్లుని విషయములో నమ్ముట మానవ సహజము. కావున మొదట నాడి పఠనము ఎట్లు జరుగునో, ఆ ఆకుల చరిత్ర యేమో, అందులోని పేర్లు ఎక్కడినుండి వచ్చునో క్రమముగా చూచి, పిమ్మట అతని ప్రశ్నకు సమాధానము వెదకుదము.

పఠనము జరుగు విధము

నాడి జ్యోతిషమునకు ప్రసిద్ధమైన స్థానము తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్. ఇది చిదంబరము, మయిలాడుదురై పట్టణముల నడుమ నున్నది. 2020లో ఏర్పడిన మయిలాడుదురై జిల్లాకు చెందినది. అక్కడి దేవాలయములో శివుడు వైద్యనాథుడుగా పూజింపబడును. నవగ్రహ క్షేత్రములలో అది అంగారకునిది. కుజదోషము వలన పెండ్లి ఆలస్యమగుచున్నదని తలచువారు తెలుగుదేశమునుండి కూడ అక్కడికి పోవుట కలదు. ఆలయ పరిసరములలో నాడి గృహములు అనేకము లున్నవి. వాటి పద్ధతినే అనుసరించు కేంద్రములు ఇతర నగరములలోను వెలసినవి.

వచ్చిన వ్యక్తి పురుషుడైనచో కుడి బొటనవ్రేలి ముద్రను, స్త్రీ యైనచో ఎడమ బొటనవ్రేలి ముద్రను తీసికొందురు. ముద్రలు నూట యెనిమిది జాతులనియు, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రకపు తాళపత్రముల కట్టలు కలవనియు వారు చెప్పుదురు. ముద్రను లోపలికి గొనిపోయి, కొంతసేపటికి ఒక కట్టను తెత్తురు. అక్కడినుండి అసలైన ఘట్టము మొదలగును.

చదువరి కట్ట విప్పి, ఒక్కొక్క ఆకునుండి ఒక్కొక్క వాక్యము చదివి, "అవును", "కాదు" అని మాత్రమే సమాధానము చెప్పుమనును. "మీ తండ్రి జీవించియున్నారు", "మీరు ఇంటికి మొదటి సంతానము" — ఇట్లు సాగును. "కాదు" అన్నచో, "ఇది మీ ఆకు కాదు" అని తరువాతి ఆకు తీయును. వరుసగా అన్ని వాక్యములకును "అవును" అన్న సమాధానము వచ్చినప్పుడు, "మీ ఆకు దొరకినది" అనును. ఒక కట్టలో దొరకనిచో మరియొకటి తెత్తురు. ఒక్కొక్కప్పుడు ఆ దినము దొరకలేదని చెప్పి మరల రమ్మందురు.

ఆకు దొరకిన తరువాత దానిలోని తమిళ పద్యమును రాగయుక్తముగా చదువుదురు. తెలుగువారికి దుబాసి యొకడు అర్థము చెప్పును. అందులో ఆ వ్యక్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, తోబుట్టువుల సంఖ్య మున్నగునవి వినవచ్చును. ఇది ప్రథమ కాండము. జాతకములోని పండ్రెండు భావముల ననుసరించియే తక్కిన కాండము లుండును. కళత్ర భావమువలె వివాహమునకు ఏడవ కాండము. పూర్వజన్మ పాపమునకు శాంతి చెప్పునది పదమూడవది, మంత్రదీక్షకు పదునాలుగవది. సాధారణముగా ఒక్కొక్క కాండమునకు వేరువేరుగా రుసుము ఇచ్చుకొనవలసియుండును.

ఆకుల చరిత్ర

ఈ ఆకులను అగస్త్యుడు, కౌశికుడు, వసిష్ఠుడు మొదలగు ఋషులు వ్రాసిరనియు, తంజావూరు రాజుల భాండాగారములో నుండి తమ పూర్వుల చేతికి వచ్చిన వనియు నాడి గృహములవారు చెప్పుదురు. తంజావూరి సరస్వతీ మహలు గ్రంథాలయము నిజముగా గొప్పది. 1798 నుండి 1832 వరకు రాజ్యము చేసిన రెండవ శరభోజి దానిని ఎంతో పెంపొందించెను. తెలుగు తాళపత్రములకు కూడ అది ప్రసిద్ధమే. కాని అక్కడి గ్రంథములకు సంఖ్య, లిపి, ఆకుల లెక్క గల ముద్రిత పట్టికలు కలవు. పండితుడెవడైనను పోయి చూడవచ్చును. నాడి గృహముల కట్టలు అట్లు పదిమంది పండితుల యెదుట ఉంచబడినవి కావు.

తాటియాకు ఎంతకాలము నిలుచును? కోసిన ఆకును నీటిలో ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో అక్షరములు గీసి, దీపపు మసి రుద్దినచో వ్రాత స్పష్టముగా కనబడును. కాని మన దక్షిణదేశపు తేమలోను, పురుగుల పాలిటను అట్టి ఆకు మూడు నాలుగు వందల యేండ్లకు మించి నిలుచుట అరుదు. పంతొమ్మిదవ శతాబ్దాంతమున ఉ. వే. స్వామినాథయ్యరు (1855–1942) సంగమకాలపు తమిళ కావ్యములకై ఊరూరు తిరిగినప్పుడు ఆయనకు దొరకినవి చాలవరకు శిథిలములైన తరువాతి ప్రతులే. అందుచేత ఋషి వ్రాసిన ఆకే నేడు మన యెదుట నున్నదనుట పొసగదు. ఉన్నది ప్రతికి ప్రతికి ప్రతి కావలెను. కొత్త ఆకు అయినంతమాత్రమున దానిలోని విషయము కొత్తదని చెప్పరాదు. అట్లే ఆకు పాతదైనంతమాత్రమున దానిలోని వ్రాత పాతదనియు చెప్పరాదు.

లిపిని బట్టి తెలియునది మరికొంత కలదు. పాత తమిళ తాళపత్రములలో హల్లుపై చుక్క పెట్టెడివారు కారు. గంటపు మొన గ్రుచ్చుకొని ఆకు చిరుగునను భయమే దానికి కారణమందురు. 'ఎ' కారమునకును 'ఏ' కారమునకును ఒకే గుర్తు. వాటికి వేరువేరు గుర్తులు ఇటలీనుండి వచ్చిన మతబోధకుడు బెస్కీ (1680–1747) చేసిన సంస్కరణమువలన వాడుకలోనికి వచ్చినవి. ఇక తమిళములో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. చ, శ, స లకు కూడ సామాన్యముగా ఒకే అక్షరము. కాబట్టి ఒక తెలుగు పేరు ఆ ఆకులో వ్రాయబడినను, అది 'గిరి' యో 'కిరి' యో ఆకు చెప్పజాలదు. చదువరి చెప్పవలెను, చదువరికి ఎవరో చెప్పియుండవలెను. వరుని పేరు 'స'తో మొదలగునని చెప్పినప్పుడు కూడ, ఆ ఒక్క తమిళాక్షరము చంద్రశేఖరునికి, శంకరునికి, సత్యనారాయణకు సమానముగా సరిపోవునని గుర్తుంచుకొనవలెను.

జాతకమునకును బొటనవ్రేలికిని సంబంధము

నాడి యనునది కేవలము నేటి వ్యాపారుల కల్పన కాదు. ఆ పేరుగల సంస్కృత జ్యోతిష గ్రంథములు కలవు. దేవకేరళమని పేరుగల చంద్రకళానాడి అట్టిది. ఆ గ్రంథముల పద్ధతిలో ఒక్కొక్క రాశిని 150 నాడ్యంశములుగా విభజింతురు. 'వసుధ' మొదలుగా వాటికి పేర్లు కూడ కలవు. రాశికి 30 డిగ్రీలు గనుక ఒక్కొక్క అంశము 12 కలలు. పండ్రెండు రాశులకు కలిపి 1,800 అంశములు. ఒక దినములో రాశిచక్రమంతయు ఒకసారి ఉదయించును. దినమునకు 86,400 సెకనులు. వాటిని 1,800 చేత భాగించినచో 48 సెకనులు వచ్చును. అనగా మన పూర్వుల లెక్కలో సుమారు రెండు విఘడియలు. పుట్టిన వేళ అంత సూక్ష్మముగా తెలిసిననే గాని నాడ్యంశము తెలియదు.

ఈ లెక్కలో రెండు సంగతులు బయటపడును. మొదటిది: నేడు భారతదేశములో సంవత్సరమునకు సుమారు రెండు కోట్ల ముప్పది లక్షల మంది శిశువులు జన్మించుచున్నారు. అనగా 48 సెకనులలో సగటున ముప్పదియైదుగురు. గ్రహగణితము ఎంత సూక్ష్మమైనను ఈ ముప్పదియైదుగురిని విడదీయజాలదు. కాని వారి తండ్రుల పేర్లు వేరువేరు, వారు చేసికొనబోవువారును వేరువేరు. కాబట్టి పేర్లు జాతక గణితమునుండి పుట్టినవి కావు. వాటికి మరియొక మూలముండవలెను.

రెండవది: పుట్టిన వేళను బట్టి ఏర్పడవలసిన ఆకును బొటనవ్రేలి ముద్రనుబట్టి వెదకుచున్నారు. వ్రేలి గీతలు గర్భములో మూడవ నెలలో మొదలై ఆరవ నెలనాటికే స్థిరపడును. శిశువు ఏ ఘడియలో పుట్టునో ఆ గీతలకు తెలియదు. ఒకే పోలిక గల కవలలకు సైతము వ్రేలిముద్రలు వేరుగా నుండును.

మన దేశములో వ్రేళ్లపై శంఖచక్రములను లెక్కించుట సాముద్రికములో ప్రాచీనమే. అయితే ముద్రనుబట్టి మనుష్యుని గుర్తించు శాస్త్రము వేరు. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ ఒక ఒప్పందపత్రముపై చేతిముద్ర వేయించెను. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ముద్రలను చాపము, పాశము, చక్రము అను మూడు ముఖ్యజాతులుగా వివరించెను. వాటిని క్రమముగా అమర్చి వెదకు పద్ధతిని ఎడ్వర్డు హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయులు నిర్మించిరి. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడినది. ఆ పద్ధతిలో పది వ్రేళ్ల ముద్రలును కావలెను. ఏలయన ఒక్క వ్రేలి జాతిని బట్టి లక్షలమందిలో ఒకనిని ఏరుట సాధ్యము కాదు. ముద్రలలో సగమునకు మించి పాశజాతివే. నూట యెనిమిది జాతులు కలవని ఒప్పుకొన్నను, ఒక కోటి మందిని వాటిలో సమానముగా పంచినచో ఒక్కొక్క జాతికి తొంబదిరెండువేల మందికి పైగా వత్తురు. అప్పుడు కట్టలో వెదకవలసినది ఒక ఆకు కాదు, తొంబదిరెండువేలు. ఆ వెదకుటను ప్రశ్నలే చేయవలెను.

పేర్లు ఎక్కడినుండి వచ్చును?

నేను ఆ అమ్మాయిని ఆ దినము అడిగిన ప్రశ్నలను జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాయుమంటిని. ఒక గంటలో ముప్పదికి పైగా ప్రశ్నలు కాగితముపై వచ్చినవి. వాటిలో తండ్రి పేరునకు సంబంధించినవి చూడుడు. ఆమె తండ్రి పేరు ఇక్కడ వ్రాయను. దానికి బదులుగా 'శేషగిరిరావు' అనుకొందము.

"తండ్రి పేరులో దైవనామమున్నది" — అవును. "అది శివునికి సంబంధించినది" — కాదు. (ఇది మీ ఆకు కాదు.) "విష్ణు సంబంధము" — అవును. "రెండక్షరముల పేరు" — కాదు. (మరియొక ఆకు.) "పేరు చివర గౌరవపదమున్నది" — అవును. "చ, శ, స లలో మొదలగును" — అవును. "శ్రీనివాసుడు" — కాదు. "కొండ పేరు కలిసియున్నది" — అవును.

ఎనిమిది ప్రశ్నలు! ఇక మిగిలినది శేషాచలమో, శేషగిరియో, శేషాద్రియో. రెండు మూడు ఆకులు తిరుగవేసినచో అదియు తేలును. సరియైన అవును-కాదు ప్రశ్న ఒకటి అవకాశములను సగము చేయును. ఏడు ప్రశ్నలు 128 పేర్లనుండి ఒకదానిని ఏరగలవు. ఇరువది ప్రశ్నలు 10,48,576 అవకాశములనుండి ఒకదానిని ఏరగలవు. తరగతిలో పిల్లలతో ఈ ఆట ఆడించినచో ఐదు నిమిషములలో వారికే బోధపడును.

ఇందులో కీలక మేమనగా, "కాదు" అను సమాధానము తప్పుగా లెక్కింపబడదు. సామాన్య జోస్యుడు మీ తండ్రి పేరు తప్పుగా చెప్పినచో అతడు ఓడిపోయినట్లే. నాడి పఠనములో అది ఆకు తప్పు. చదువరి తప్పు కాదు. పైగా ఆ "కాదు" అతనికి ఒక సమాచారము. ఇట్లు తప్పులన్నియు ఆకులతోపాటు ప్రక్కకు తొలగి, ఒప్పులు మాత్రము ఒకచోట చేరును. పిమ్మట అవి పద్యరూపమున, తెలియని భాషలో, రాగముతో తిరిగి వినవచ్చును. విన్నవాడు తాను అన్న "అవును"లను మరచి, ఆకు చెప్పినదని జ్ఞాపకము పెట్టుకొనును. చదువరి ఉద్దేశపూర్వకముగా మోసగించుచున్నాడని కూడ అనుకొననక్కరలేదు. తాను నేర్చిన పద్ధతిని నమ్మి చేసినను ఫలితము ఇదే.

నోటుపుస్తకములోని ప్రథమ కాండమును మేము ముగ్గురము కూర్చుండి వాక్యము వెంట వాక్యము పరిశీలించితిమి. మొత్తము ఇరువదియారు సంగతులు. పదునైదు సంగతులు ఆమె అంతకుముందు "అవును" అన్నవే. ఎనిమిది ఎవరికైనను సరిపోవునవి: ఇతరులకు మేలుచేసి మాటపడుట, చేతిలో డబ్బు నిలువకపోవుట వంటివి. మిగిలిన మూడింటిలో రెండు పూర్వజన్మకు సంబంధించినవి గనుక పరీక్షకు అందవు. పరీక్షకు అందిన ఒక్కటి, తండ్రికి భూమి తగాదా యున్నదనుట; అది తప్పు. వారికి భూమియే లేదు. ఆమె కొంతసేపు కాగితమువంక చూచి, "నాన్న పేరు చెప్పింది నేనే కదా మాస్టారూ!" అనెను.

ఆ ఎనిమిది సాధారణ వాక్యముల బలమును తక్కువగా చూడరాదు. 1948లో అమెరికాలో బెర్ట్రం ఫోరర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన తరగతిలోని 39 మందికి, "నీ స్వభావ వివరణము" అని ఒక్కొక్క కాగితమిచ్చెను. అది తమకెంత సరిపోయినదో ఐదుకు గుణములు వేయుమనెను. సగటు 4.26 వచ్చినది. కాని కాగితములన్నింటిలోను ఉన్నది ఒకే వ్రాత. అందలి వాక్యములను చాలవరకు జ్యోతిష పుస్తకమునుండి తీసినాడు.

ఏడవ కాండమును తూచుట

ఇక భవిష్యత్తు. దీనికి ప్రశ్నలు ఉపకరింపవు. ఏలయన సమాధానము అడిగినవారికిని తెలియదు. అందుచేతనే ఏడవ కాండపు భాష ప్రథమ కాండమునకంటె వదులుగా నుండును. తండ్రికి పూర్తి పేరు చెప్పిన ఆకు, వరునికి మూడక్షరములలో ఒకటి యనును. ఈ తేడాను ఎవరికి వారే గమనింపవచ్చును.

ఈ మూడు గుర్తులు యాదృచ్ఛికముగా నిజమగుటకు అవకాశమెంత? నా తరగతి హాజరు పట్టీలో అరువది పేర్లు కలవు. వాటిలో 'ర', 'స', 'వ' లతో మొదలగునవి (శ కారమును కలుపుకొని) ఇరువదిమూడు. అనగా నూటికి ముప్పదియెనిమిది. ఎనిమిది దిక్కులలో దక్షిణము, పడమర, వాటి నడుమ నైరృతి కలిసి మూడు. ఇది నూటికి ముప్పదియేడున్నర. ఇంటివారు సంబంధములు చూచుచున్న ఇరువదియైదేండ్ల కన్యకు ఆ మూడేండ్లలో పెండ్లియగుటకు సగము అవకాశ మనుకొందము. మూడింటిని గుణించినచో నూటికి ఏడు వచ్చును.

ఏడనగా తక్కువయే. కాని అట్టి కాండము చదివించుకొన్న కన్యలు నూరుగురున్నచో, ఆకుతో ఏ సంబంధము లేకయే ఏడుగురికి మూడు గుర్తులును కలియును. ఆ ఏడుగురి కథ ఊరంతయు తిరుగును. తొంబదిముగ్గురి కథ ఇల్లు దాటదు. మనుష్యులు మూడింటిలో రెండు కలిసినను చాలునని తృప్తిపడుదురు గనుక అదియు లెక్కించి చూచితిని. కనీసము రెండు గుర్తులు కలియుటకు అవకాశము నూటికి ముప్పదియెనిమిది. దక్షిణపు సంబంధములనే వెదకుట, 'మ' అక్షరము వానిని కాదనుట మొదలుపెట్టినచో ఈ సంఖ్య ఇంకను పెరుగును. అప్పుడు ఆకు భవిష్యత్తును చెప్పినట్లు కాదు. మనమే ఆకు చెప్పినట్లు చేసినట్లు.

ఆ మూడేండ్లు గడచినను పెండ్లి కాకున్నచో? దానికి పదమూడవ కాండము సిద్ధముగా నున్నది. పరిహారము సరిగా జరుగలేదనియు, పూర్వపాపము శేషించినదనియు చెప్పవచ్చును. జరిగినచో ఆకు నిజము, జరుగనిచో పరిహారము లోపము. ఏ ఫలితము వచ్చినను తప్పు కాని మాట ఏ ఫలితమును ముందుగా చెప్పినట్లు కాదు.

పరీక్ష యెట్లు చేయవలెను?

పరీక్ష కోరుట అగౌరవము కాదు. దానికి మూడు నియమములు చాలును.

మొదటిది, సమాచారము పోవు దారిని మూయుట. ముద్రను ఆ వ్యక్తిని గూర్చి ఏమియు తెలియని వానిచేత పంపవలెను. పేరు, ఫోను సంఖ్య ఇయ్యరాదు. నేడు వాటిని బట్టియే చాల సంగతులు తెలిసికొనవచ్చును. ఏ ప్రశ్నకును సమాధానము చెప్పరాదు. అదే ముద్రను వేరొక దినమున వేరొకని ద్వారా పంపినచో అదే ఆకు రావలెను.

రెండవది, ఆకును చదువరినుండి వేరుచేయుట. అర్థము చెప్పకముందే ఆకునకు ఛాయాచిత్రము తీసి, తాళపత్రలిపి తెలిసిన ఇద్దరు పండితులకు వేరువేరుగా చూపవలెను. ఆ పేర్లు నిజముగా అందున్నవా? ఆకు వయస్సు తెలియుటకు, 1940 దశకము చివర లిబ్బీ కనిపెట్టిన కార్బన్-14 పద్ధతి యున్నది. గత మూడు శతాబ్దములలోని వస్తువులకు అది స్పష్టమైన తేదీ నీయదు. కాని అణుపరీక్షలవలన 1963 నాటికి వాయుమండలములో కార్బన్-14 దాదాపు రెట్టింపైనది గనుక, 1950 దశకము మధ్యకాలము తరువాత కోసిన ఆకును సులభముగా పట్టీయును. అది తెలుపునది ఆకు కోసిన కాలమే గాని వ్రాసిన కాలము కాదని మరువరాదు.

మూడవది, తప్పులను కూడ లెక్కించుట. ఐదుగురి పఠనములను తీసికొని, పేర్లు తొలగించి, కలిపివేసి, ఎవరిది ఏదో గుర్తింపుమనవలెను. ఊరక ఊహించి పంచినను సగటున ఒకటి సరిపోవును. ఐదింటిని పంచు విధములు 120. వాటిలో ఒక్కటియు సరిపోనివి 44, ఒకటి సరిపోవునవి 45, రెండు సరిపోవునవి 20, మూడు సరిపోవునవి 10. నాలుగు మాత్రమే సరిపోవుట అసంభవము. ఐదును సరిపోవునది ఒక్కటే. కావున ఇద్దరు సరిగా గుర్తించిరని ఆశ్చర్యపడనక్కరలేదు; ఐదుగురును గుర్తించినచో ఆలోచింపవలెను. భవిష్యత్తు విషయములో పరీక్ష ఇంకను సులభము. చెప్పినది తేదీతో వ్రాసి, మూసి, ముద్రవేసి, గడువు తీరిన తరువాత అందరివియు విప్పి లెక్కింపవలెను.

ఇట్టి లెక్క నాడి ఆకుల విషయములో కాకున్నను సామాన్య జాతకముల విషయములో మన దేశమున జరిగినది. జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు 2008లో మహారాష్ట్రలో ఈ పరీక్ష చేసిరి. మేధావులైన పిల్లల జాతకములను, బుద్ధిమాంద్యము గల పిల్లల జాతకములను కలిపి, ఏవి యెవరివో చెప్పుమని జ్యోతిష్కులకు పంపిరి. సమాధానములు పంపిన 27 మందికి సరిగా వచ్చినవి నూటికి 46. నాణెము ఎగురవేసినను ఏబది వచ్చును.

నా విద్యార్థి లెక్కలన్నియు విని నోటుపుస్తకము మూసి వెళ్లెను. వారు తండ్రికి నచ్చజెప్పి కబురు పంపునప్పటికి రెండు నెలలు గడచినవి; 'మ' అక్షరము గల వరునికి వేరుచోట నిశ్చయమైపోయినది. తరువాత ఒకటిన్నర సంవత్సరమునకు ఆ అమ్మాయికి ఉత్తరపు సంబంధము కుదిరినది. వరుని పేరు 'వ'తో మొదలగును, వయస్సు గడువులోపలనే. మూడింటిలో రెండు కలిసినవి. వారి బంధువులలో కొందరు ఆకు నిజమైనదనియే చెప్పుకొనుచున్నారు. నూటికి ముప్పదియెనిమిది మంది ఇండ్లలో ఇట్లే చెప్పుకొందురని పెండ్లికూతురు తన అన్నకు గుర్తుచేసినదట.